లోపలి లెవెల్‌లో ఏది ఎక్కువ భారం తగ్గిస్తుంది: ఫ్రస్టమ్ కల్లింగా, అక్లూజన్ కల్లింగా?

పెన్నా_పిక్సెల్ (కడప)

అందరికీ నమస్తే. మేం ముగ్గురం కలిసి యూనిటీలో ఫోన్ కోసం ఒక హారర్ గేమ్ చేస్తున్నాం. కథంతా ఒకే బిల్డింగ్‌లో, మూతబడిన పాత ఆసుపత్రి అనుకోండి, కింద ఒకటి, పైన రెండు అంతస్తులు. ప్రతి అంతస్తులో మధ్యన పొడవాటి వరండా, దానికి అటు ఎనిమిది ఇటు ఎనిమిది గదులు. గదికి మంచాలు, సెలైన్ స్టాండ్లు, ఫ్యాన్లు, స్విచ్ బోర్డులు, బీరువాలు అన్నీ కలిపి డెబ్బై దాకా వస్తువులున్నాయి. మొత్తం బిల్డింగ్‌కి నాలుగు వేల రెండరర్లు.

సమస్య ఏంటంటే, గదిలో నిలబడి గోడ వైపు చూస్తే ఫోన్‌లో 55 ఫ్రేములు హాయిగా వస్తున్నాయి, అదే వరండా పడమటి చివర నిలబడి తూర్పుకి చూస్తే 18కి పడిపోతుంది. అక్కడ కంటికి కనబడేది రెండు గోడలు, నేల, కప్పు, నాలుగు ట్యూబ్ లైట్లు, అంతే. మావాడొకడు అక్లూజన్ బేక్ చేద్దాం, అంటే గోడల వెనక దాక్కున్నవి గీయకుండా ముందే లెక్కించి పెట్టుకుందాం అంటాడు. ఇంకొకడు ఫ్రస్టమ్ కల్లింగ్, అంటే కెమెరా చూపులోకి రానివి వదిలేయడం, ఎలాగూ ఇంజిన్ చేస్తోంది కదా, లోపలి లెవెల్‌లో అది చాలు, బేక్ పెట్టుకుంటే ఫైలు సైజు పెరగడమే తప్ప ఇంకేం లేదంటాడు. రెండిట్లో దేనివల్ల ఎక్కువ మిగులుతుందో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

సీమ_షేడర్ (అనంతపురం)

బ్రో, అక్లూజన్ జోలికి పోవద్దు అని నా సలహా. గోడ వెనకున్న మంచం తెర మీద పడదు కదా, డెప్త్ బఫర్ దాన్ని ఆపేస్తుంది. ఈకాలం జీపీయూలు పిక్సెల్ షేడర్ నడపకముందే డెప్త్ చూసి వదిలేస్తాయి, ఫోన్ జీపీయూలైతే ఈ విషయంలో ఇంకా గట్టివి. అంటే దాక్కున్న వస్తువుని జీపీయూనే ఉచితంగా తీసేస్తోంది. మళ్లీ అదే పనికి సీపీయూ మీద ఇంకో లెక్క ఎందుకు? నీ 18 ఫ్రేములకి కారణం లైట్లో షేడర్లో అయి ఉంటుంది, ముందు అవి చూడు.

బురుజు_వీధి (కర్నూలు)

నాకూ కల్లింగ్‌తోనే తలనొప్పి అన్నా. బ్లెండర్‌లో గది చేసి తెస్తే బయట నుంచి గోడలు కనబడుతున్నాయి, లోపలికి వెళితే మాయం. మెటీరియల్‌లో కల్లింగ్ ఆఫ్ చేస్తే కనబడుతోంది గానీ అలా చేస్తే స్లో అవుతుందేమో అని టెన్షన్. నీ లెవెల్‌లో కూడా ఇదేనా?

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

బురుజు_వీధి తమ్ముడూ, నీది బ్యాక్‌ఫేస్ కల్లింగ్, వేరే సంగతి. నీ గోడల నార్మల్స్ బయటి వైపు తిరిగి ఉన్నాయి. బ్లెండర్‌లో ఆ ముఖాలు ఎంచుకుని Flip చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చెయ్యి, మెటీరియల్ జోలికి పోనక్కర్లేదు.

ఇక అసలు ప్రశ్న. సీమ_షేడర్ చెప్పింది పిక్సెళ్ల వరకు నిజమే. గోడ వెనక మంచానికి పిక్సెల్ షేడర్ చాలావరకు నడవదు. కానీ ఆ మంచం డెప్త్ పరీక్ష దాకా రావాలంటే ముందు సీపీయూ దానికి డ్రా కాల్ తయారు చేసి పంపాలి, జీపీయూ దాని ప్రతి వెర్టెక్స్‌నీ లెక్కేయాలి, త్రిభుజాలుగా మార్చాలి, ఆ తర్వాతే డెప్త్ చూసేది. నాలుగు వేల వస్తువులున్న బిల్డింగ్‌లో ఫోన్ ఆయాసపడేది ఈ మొదటి భాగంలోనే. డెప్త్ బఫర్ రక్షించేది ఆఖరి మెట్టుని, అప్పటికి కింద మెట్లన్నీ ఎక్కడం అయిపోయింది.

ఇప్పుడు ఫ్రస్టమ్ సంగతి. అది చేసేది చాలా చిన్న పని, ప్రతి వస్తువు చుట్టూ ఉన్న పెట్టె కెమెరా చూపు పరిధిలోకి, అంటే ఆ ఆరు తలాల మధ్యకి, వస్తోందా లేదా అని చూడటం. మధ్యలో గోడ ఉందా లేదా అన్నది దానికి తెలియదు, తెలుసుకోవాలని ప్రయత్నించదు కూడా. అందుకే దాని లాభం నువ్వు ఎక్కడ నిలబడి ఎటు చూస్తున్నావన్న దాని మీద ఆధారపడుతుంది.

నీ బిల్డింగ్‌నే తీసుకుందాం. యూనిటీ కెమెరా నిలువు కోణం మామూలుగా 60 డిగ్రీలు. 20:9 ఫోన్‌ని అడ్డంగా పట్టుకుంటే అడ్డకోణం 104 దాకా వస్తుంది. వరండా మధ్యలో నిలబడి పక్క గోడ వైపు చూస్తే, నీ వెనక వైపు గదులన్నీ పోయాయి, ఎడమ చివర, కుడి చివర గదులు కూడా పోయాయి. పై అంతస్తులోవి కొన్నే మిగులుతాయి, ఎందుకంటే కళ్ల ఎత్తు నుంచి 30 డిగ్రీలు పైకి చూపు వెళ్లేలోపే గది అయిపోతుంది. అదే పడమటి చివర నిలబడి తూర్పుకి తిరిగితే బిల్డింగ్ మొత్తం నీ ముందే ఉంది. పక్క గదులు, పై గదులు అన్నీ దూరం పెరిగేకొద్దీ ఆ కోణంలోకి వచ్చేస్తాయి. నీ పక్కనున్న ఒకటి రెండు గదులు తప్ప ఫ్రస్టమ్ వదిలించేదేమీ ఉండదు. నీకు 55 వచ్చేచోట ఫ్రస్టమ్ పనిచేస్తోంది, 18 వచ్చేచోట దానికి చేయడానికి పనే లేదు.

నా మాట మీద పోవద్దు, కొలిచి చూడు. ఒకసారి బేక్ చేసి, ఈ ముక్క కెమెరాకి తగిలించి, ఒకే చోట నిలబడి మార్చి మార్చి చూడు:

```csharp
void Update() {
    if (Input.GetKeyDown(KeyCode.O)) {
        var c = Camera.main;
        c.useOcclusionCulling = !c.useOcclusionCulling;
    }
}
```

అది ఆఫ్‌లో ఉన్నప్పుడు వచ్చే లెక్క ఫ్రస్టమ్ ఒక్కటే చేసింది. ఆన్‌లో ఉన్నప్పుడు తగ్గింది అక్లూజన్ చేసింది. గేమ్ విండోలో Stats తెరిచి Batches చూడు, ఆ కాసేపు బ్యాచింగ్ ఆపి చూస్తే లెక్క ఇంకా స్పష్టంగా ఉంటుంది.

శిరీష_వాక్‌త్రూ (అనంతపురం)

నేను బిల్డర్లకి అపార్ట్‌మెంట్ వాక్‌త్రూలు చేస్తుంటాను, గేమ్ కాదు గానీ ఇదే బాధ నాకూ ఉంది. అక్లూజన్ బేక్ చేశాను, ఆన్ చేసినా ఆఫ్ చేసినా లెక్కలో తేడానే లేదు. ఆర్కిటెక్ట్ దగ్గర నుంచి వచ్చిన మోడల్‌ని డ్రా కాల్స్ తగ్గుతాయని ఫ్లాట్‌కి ఒకటి చొప్పున ఫర్నిచర్ అంతా ఒకే మెష్‌గా కలిపి పెట్టుకున్నాను. డ్రా కాల్స్ తక్కువే, అయినా నత్తనడక.

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

శిరీష గారూ, కారణం మీరే చెప్పేశారు. ఫ్రస్టమ్ అయినా అక్లూజన్ అయినా తీసేది ఒక రెండరర్‌ని మొత్తంగా, అందులో సగాన్ని కాదు. హాల్లో సోఫా, వంటింట్లో స్టవ్, బాత్రూమ్‌లో గీజర్ ఒకే మెష్ అయితే దాని పెట్టె ఫ్లాట్ అంత ఉంటుంది. కుళాయి అంచు ఒక్కటి కనబడినా చాలు, ఫ్లాట్ మొత్తం గీయాల్సిందే. గదికి ఒకటి చొప్పున విడగొట్టండి, అంతకంటే చిన్న ముక్కలు అవసరం లేదు. యూనిటీ స్టాటిక్ బ్యాచింగ్ వాడినా పర్వాలేదు, అది మెష్‌లని ఒక బఫర్‌లో కలుపుతుంది గానీ కల్లింగ్ మాత్రం విడివిడిగానే చేస్తుంది. చేత్తో కలిపితేనే ఈ నష్టం.

పెన్నా_పిక్సెల్ (కడప)

కొలిచాను అన్నా. డిఫాల్ట్ సెట్టింగులతోనే బేక్ చేశాను, `Smallest Occluder` 5, `Smallest Hole` 0.25. వరండా చివర అక్లూజన్ ఆఫ్‌లో బ్యాచ్‌లు 3,600 దాకా ఉన్నాయి. ఆన్ చేస్తే 900కి వచ్చింది. గదిలో గోడ వైపు చూస్తే ఆఫ్‌లో 540, ఆన్‌లో 80.

మీరు చెప్పినట్టే ఉంది గానీ ఒక అనుమానం. 900 ఎందుకు? వరండాలో ఉన్నవి లెక్కేస్తే నూట యాభై కూడా లేవు. సీన్ వ్యూలో `Visualization` ఆన్ చేసి చూస్తే దూరంగా ఉన్న గదుల్లో మంచాలు కూడా ఉన్నాయి. తలుపులన్నీ తెరిచి ఉన్నాయి కాబట్టి వాటిలోంచి కనబడుతున్నాయనుకుని మూసి చూశాను, ఒక్కటి కూడా తగ్గలేదు.

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

ఇందులో రెండు విషయాలు కలిసిపోయాయి, విడదీద్దాం.

మొదటిది తలుపులు. నీ తలుపులు తిరుగుతాయి కాబట్టి స్టాటిక్ కావు. యూనిటీ బేక్‌లో కదిలే వస్తువు ఇతరుల వెనక దాక్కోగలదు, తను మాత్రం ఎవరినీ దాచలేదు. అంటే బేక్ దృష్టిలో నీ బిల్డింగ్‌కి తలుపులే లేవు, అన్నీ ఖాళీ గుమ్మాలు. అందుకే మూసినా ఏమీ మారలేదు.

రెండోది, తలుపు తెరిచి ఉన్నంత మాత్రాన వరండా చివర నుంచి గది లోపల కనబడాలని లేదు. ఇక్కడ కాగితం మీద ఒక బొమ్మ గీసి చూడు. వరండా వెడల్పు 2.4 మీటర్లు అనుకో, నువ్వు సరిగ్గా మధ్యలో ఉన్నావు, పక్క గోడ నీకు 1.2 మీటర్ల దూరం. గుమ్మం మీటరు వెడల్పు, నీ నుంచి 10 మీటర్ల దూరంలో మొదలవుతుంది. గోడ మన ఊళ్లల్లో కట్టే తొమ్మిదంగుళాల గోడ, అంటే 0.23 మీటర్లు. నీ చూపు గుమ్మం దగ్గరి అంచుని రాసుకుంటూ లోపలికి వెళ్లిందనుకో. పది మీటర్లకి 1.2 మీటర్లు పక్కకి వెళ్లిన చూపు, గుమ్మం వెడల్పు ఒక మీటరు దాటేలోపు ఇంకో 0.12 మాత్రమే పక్కకి వెళుతుంది. గోడ మందం 0.23. అంటే చూపు గదిలోకి చేరేలోపే గుమ్మం అవతలి చెక్కకి తగిలి ఆగిపోయింది. గది లోపల ఒక్క వస్తువు కూడా కనబడదు, తలుపు బార్లా తెరిచి ఉన్నా సరే.

ఎంత దూరం దాకా కనబడుతుంది? 1.2ని 0.23తో భాగిస్తే 5.2 మీటర్లు. అంతకంటే దూరంలో ఉన్న ఏ గుమ్మం నుంచీ నీకు గది కనబడదు. అంటే నిజంగా లెక్కేస్తే, పడమటి చివర నుంచి అటొక గది, ఇటొక గది, మహా అయితే రెండేసి గదుల్లో కొంచెం కొంచెం, అంతే.

మరి బేక్ దూరపు మంచాలని ఎందుకు తీసెయ్యలేదు అంటే, అది నీ అసలు గోడలతో ఇంత కచ్చితంగా లెక్కేయదు. ఖాళీ స్థలాన్ని గడులుగా కోసి, పక్క పక్క గడుల మధ్య ఏది కనబడొచ్చో ఉజ్జాయింపుగా రాసి పెట్టుకుంటుంది, ఆట నడిచేటప్పుడు కెమెరా ఆ డేటానే అడుగుతుంది, కనబడే అవకాశం ఉన్నవాటిని తీసెయ్యకుండా జాగ్రత్త పడుతుంది. `Smallest Occluder` 5 అంటే ఐదు మీటర్ల కంటే చిన్న అడ్డాలని పట్టించుకోకు అని చెప్పడం. నీ గది గోడలు గుమ్మాల మధ్య ఎంత పొడవుంటాయి? మూడు మీటర్లేమో. దాన్ని 2కి దించి మళ్లీ బేక్ చెయ్యి. బేక్ ఆలస్యమవుతుంది, డేటా పెరుగుతుంది, పెరిగినదెంతో ఆ విండోలోనే కనబడుతుంది.

తలుపులకి `Occlusion Portal` అనే కాంపోనెంట్ ఉంది. గుమ్మంలో ఖాళీ ఆబ్జెక్ట్ పెట్టి, దానికి అది తగిలించి, సైజు గుమ్మానికి సరిపోయేలా చూసుకుని బేక్ చెయ్యి. తర్వాత స్క్రిప్ట్‌లో:

```csharp
portal.open = true;   // తలుపు కదలకముందే
```

క్రమం ముఖ్యం. తలుపు కదలడం మొదలవకముందే open చెయ్యాలి, పూర్తిగా మూసుకున్నాకే తిరిగి false చెయ్యాలి. తలుపు సగం తెరిచాక open చేస్తే ఆ సందులోంచి గది ఖాళీగా కనబడి, తర్వాత మంచాలు టక్కున ప్రత్యక్షమవుతాయి. హారర్ గేమ్‌లో ఆటగాడు కళ్లు పెట్టి చూసేది సరిగ్గా ఆ సందులోకే.

సీమ_షేడర్ (అనంతపురం)

డ్రా కాల్స్ మాట ఒప్పుకుంటా అన్నా, అది సీపీయూ ఖర్చే. కానీ రెండు అభ్యంతరాలు. ఒకటి, నీ గుమ్మం లెక్క వరండా మధ్యలో నిలబడ్డవాడికి. ఆటగాడు ఎదుటి గోడకి ఆనుకుని నడిస్తే? అప్పుడు ఆ గోడ దూరం 2.1 అవుతుంది, 0.23తో భాగిస్తే 9 మీటర్లు. హారర్ గేమ్‌లో అందరూ గోడ పట్టుకునే నడుస్తారు. రెండోది ఇంకా ముఖ్యం. బ్యాచ్‌లు తగ్గాయని చెబుతున్నారు గానీ ఫోన్‌లో ఫ్రేమ్ టైమ్ ఎంత తగ్గిందో ఎవరూ చెప్పలేదు. జీపీయూ దగ్గర ఇరుక్కుని ఉంటే 3,600ని 300 చేసినా ఫ్రేమ్ రేటు కదలదు.

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

రెండూ సరైన ప్రశ్నలే. గోడకి ఆనుకుంటే ఎదుటి వరుసలో తొమ్మిది మీటర్ల దాకా గుమ్మాలు తెరుచుకుంటాయి నిజమే, కానీ అప్పుడు నువ్వు ఆనుకున్న వైపు గోడ నీకు 0.3 దూరంలోనే ఉంది, అటువైపు గుమ్మాలు మీటరున్నర దాటగానే మూసుకుపోతాయి. ఒకవైపు పోగొట్టుకున్నది ఇంకోవైపు చాలావరకు తిరిగొస్తుంది.

ఒక మాట మాత్రం చెప్పాలి. ఈ లెక్కంతా గోడకి మందం ఉంటేనే. చాలామంది గోడలని ఒకే తలంగా, కాగితంలా చేస్తారు. అప్పుడు 0.23 స్థానంలో సున్నా, ఎంత దూరపు గుమ్మం నుంచైనా సన్నటి చీలికలోంచి గది కనబడుతుంది, ఆ చీలికలో ఒక్క సెలైన్ స్టాండ్ పడ్డా అది గీయాల్సిందే. గోడకి మందం పెట్టడం అందం కోసం అనుకుంటారు, కల్లింగ్‌కి అది అంతకంటే ఎక్కువ ఉపయోగం.

ఫ్రేమ్ టైమ్ మాట పెన్నానే ఫోన్‌లో కొలిచి చెప్పాలి. ఎడిటర్‌లో కొలిస్తే లాభం లేదు, ప్రొఫైలర్‌ని ఫోన్‌కి కలిపి చూడాలి. త్వరగా తేల్చుకోవాలంటే రెండర్ రిజల్యూషన్‌ని సగానికి దించి చూడు. ఫ్రేమ్ రేటు బాగా పెరిగితే ఇబ్బంది పిక్సెళ్లలో ఉంది, సీమ_షేడర్ చెప్పిందే నిజం. కదలకపోతే డ్రా కాల్స్‌లోనో వెర్టెక్స్‌లలోనో ఉంది.

పెన్నా_పిక్సెల్ (కడప)

చేసి చూశాను. రిజల్యూషన్ సగం చేస్తే 18 కాస్తా 20 అయింది, అంతే. కాబట్టి మాది పిక్సెళ్ల సమస్య కాదు.

`Smallest Occluder` 2 పెట్టి బేక్ చేస్తే వరండా చివర 900 కాస్తా 520 అయింది. పోర్టళ్లు పెట్టి తలుపులన్నీ మూస్తే 210. ఫోన్‌లో ఫ్రేమ్ టైమ్ 55 మిల్లీసెకన్ల నుంచి 19కి వచ్చింది. తలుపులన్నీ తెరిచి ఉంటే 27 దాకా పోతోంది.

ఇంకొకటి కూడా చేశాను. ఆటగాడు మామూలుగా తిరిగే దారి వెంట కెమెరాని నడిపించి, అడుగడుగునా లెక్క రాయించాను. సగటున చూస్తే ఫ్రస్టమ్ నాలుగు వేలలో 2,800 తీసేస్తోంది, మిగిలిన 1,200లో అక్లూజన్ వెయ్యి దాకా తీసేస్తోంది. సంఖ్యలో ఫ్రస్టమే గెలిచింది. అదే వరండా చివర ఒక్క ఫ్రేమ్ చూస్తే ఫ్రస్టమ్ తీసింది 400, అక్లూజన్ తీసింది 3,400. మా ఇద్దరు ఫ్రెండ్స్ ఇప్పుడు ఎవరి లెక్క వాళ్లు పట్టుకుని కూర్చున్నారు.

ఇప్పుడు కొత్త సమస్య. వార్డు కిటికీలకి ఇనుప చువ్వలున్నాయి, చువ్వల మధ్య సందు పన్నెండు సెంటీమీటర్లు. వరండాలోంచి ఆ కిటికీలో చూస్తే గదిలో మంచాలు లేవు! తలుపు తీస్తే ఉన్నాయి. దీన్నేం చెయ్యాలి?

శిరీష_వాక్‌త్రూ (అనంతపురం)

ఈ కిటికీ సంగతి నాకు తెలుసు, గ్రిల్లుతో నేనూ పడ్డాను. మీ `Smallest Hole` 0.25, చువ్వల సందు 0.12. అంతకంటే చిన్న సందుని బేక్ మూసేసినట్టే లెక్కేస్తుంది, చువ్వలన్నీ కలిసి గోడ అయిపోయాయి. 0.1కి దించితే సరిపోతుంది గానీ బిల్డింగ్ మొత్తానికి బేక్ భారమవుతుంది. దానికంటే చువ్వల మెష్‌లకి మాత్రం `Occluder Static` తీసేసి `Occludee Static` ఉంచండి. అప్పుడవి దాక్కుంటాయి గానీ దాచవు. ఆబ్జెక్ట్ పైనున్న Static టిక్కు ఒక్కటి కొడితే రెండూ ఆన్ అయిపోతాయి, అక్కడే వస్తుంది చిక్కు. మెట్ల రెయిలింగ్‌కి, జాలీకి, ఫ్యాన్ రెక్కలకి కూడా అదే చెయ్యండి.

మెష్ విడగొట్టాక నాకు కూడా తేడా వచ్చింది తుంగభద్ర గారూ, వంటింట్లో ఉన్నప్పుడు బెడ్‌రూములన్నీ పోయాయి. థాంక్స్.

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

శిరీష గారు చెప్పింది చెయ్యి, అదే సరైన పద్ధతి.

సగటు, కనిష్ఠం గొడవ గురించి. మీ ఫ్రెండ్స్ ఇద్దరి లెక్కలూ సరైనవే, కానీ ఫ్రస్టమ్ ముందు వరుసలో ఉంటుంది కాబట్టి దానికి ఎప్పుడూ పెద్ద వాటా దొరుకుతుంది. అక్లూజన్‌కి చేరేది అది వదిలేసినవే. వరుస తారుమారు చేసి ముందు అక్లూజన్ చేస్తే, వెనక ఉన్న గదులని కూడా గోడలే దాచేవి, అప్పుడు సగటులో కూడా అక్లూజనే ఎక్కువ తీసినట్టు కనబడేది. అందుకని సంఖ్య పట్టుకుని ఎవరు గొప్ప అనడం కుదరదు. ఫ్రస్టమ్ దాదాపు ఖర్చు లేకుండా పెద్ద భాగం ఊడ్చేస్తుంది, అందుకే ముందుంటుంది. లోపలి లెవెల్‌లో ఆటగాడికి తగిలేది మాత్రం ఆ 18 ఫ్రేముల చోటు, అక్కడ పనిచేసేది అక్లూజన్ ఒక్కటే. లెవెల్‌లో ఉన్న పొడవాటి చూపులు ఎన్నో, ఎక్కడెక్కడో రాసుకుని అక్కడే కొలవాలి. మెట్ల మధ్య ఖాళీ కూడా అందులో చేర్చు, మూడంతస్తులకీ ఒకేసారి కన్నం అదే.

బెలుం_దారి (కర్నూలు)

నార్మల్స్, తలుపుల గొడవ లేని కేసు నాది. బెలుం గుహల్లాగా వంకర టింకర సొరంగాల లెవెల్, ప్రతిసారీ ఆట మొదలైనప్పుడు కొత్తగా పుడుతుంది. ముప్పై రకాల సొరంగం ముక్కలున్నాయి, వాటిని రన్‌టైమ్‌లో కలుపుతాను. బేక్ చెయ్యడానికి ముందుగా లెవెలే లేదు. అంటే నాకు ఫ్రస్టమ్ తప్ప గతి లేదా?

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

ఆ బేక్ నీకు పనికిరాదు, నిజమే. కానీ నీకు అంతకంటే మంచి అవకాశం ఉంది. ముక్కకి ముక్క ఎక్కడ కలుస్తుందో నీ కోడ్‌కి ముందే తెలుసు కదా. ఆ కలిసే నోరు ఒక గుమ్మం. కెమెరా ఉన్న ముక్క నుంచి మొదలుపెట్టు. దాని ప్రతి నోటినీ తెర మీదకి తెచ్చి ఒక దీర్ఘచతురస్రం చెయ్యి. అది తెరలో లేకపోతే అటు వెళ్లనక్కర్లేదు. ఉంటే ఆ చతురస్రమే ఇప్పుడు నీ కొత్త తెర, పక్క ముక్కలోకి వెళ్లి దాని నోళ్లని ఈ చిన్న తెరతో కత్తిరించు. ఇలా లోపలికి పోయేకొద్దీ తెర చిన్నదవుతూ, రెండు మూడు మలుపుల్లో ఖాళీ అయిపోతుంది. అక్కడితో ఆగు.

```csharp
void Visit(Cell c, Portal cameFrom, Rect r, int depth) {
    c.Show();
    if (depth == 0) return;
    foreach (var p in c.portals) {
        if (p == cameFrom) continue;
        Rect s = Clip(p.ScreenRect(cam), r);
        if (s.width > 0 && s.height > 0)
            Visit(p.Other(c), p, s, depth - 1);
    }
}
```

నోరు కెమెరాకి మరీ దగ్గరగా వచ్చి, దాని మూలల్లో కొన్ని కెమెరా వెనక్కి పోతే ఆ చతురస్రం తప్పుగా వస్తుంది, ముక్కలు మాయమవుతాయి. అలాంటప్పుడు కత్తిరించకుండా r మొత్తం పంపెయ్యి.

చూస్తే ఇందులో జరిగేది ఫ్రస్టమ్ కల్లింగే, ప్రతి గుమ్మం దగ్గర ఫ్రస్టమ్‌ని సన్నం చేసి మళ్లీ చేస్తున్నాం. 2004లో వచ్చిన డూమ్ 3 లోపలి లెవెళ్లని ఈ పద్ధతిలోనే నడిపింది. అంతకుముందు 1996లో క్వేక్ దీనికి ఎదురు దారి పట్టింది, ఏ చోటి నుంచి ఏ చోటు కనబడొచ్చో లెవెల్ తయారీ అప్పుడే లెక్కించి ఫైల్లో పెట్టేది. పెన్నా చేస్తున్న బేక్‌లో రెండూ కొంచెం కొంచెం ఉన్నాయి, గడుల డేటా ముందే తయారవుతుంది, కనబడేదేదో ఆట నడిచేటప్పుడు తేలుతుంది. గుహలకి మాత్రం నీ చేతిలో ఉన్న ఈ పోర్టల్ పద్ధతి బాగా నప్పుతుంది, సొరంగం ఎంత వంకరగా ఉంటే అంత త్వరగా తెర ఖాళీ అవుతుంది.

బెలుం_దారి (కర్నూలు)

అర్థమైంది అన్నా. కానీ మధ్యలో ఒకచోట నాలుగు సొరంగాలు కలిసే పెద్ద హాలుంది, దాని నోళ్లు దీర్ఘచతురస్రాల్లా ఉండవు, పైకప్పు కూలిన ఆకారం. చుట్టూ పెట్టె గీస్తే వెడల్పు ఎక్కువైపోతుందేమో?

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

ఎక్కువైతే కొన్ని ముక్కలు అనవసరంగా గీస్తావు, బొమ్మ మాత్రం తప్పుగా రాదు. తక్కువైతేనే ప్రమాదం. మొదట పెట్టెతోనే చేసి కొలుచుకో.

సీమ_షేడర్ (అనంతపురం)

బేక్, పోర్టళ్లు ఇవన్నీ చేత్తో పెట్టుకునే పనులు. యూనిటీ 6లో జీపీయూ అక్లూజన్ వచ్చింది కదా, బేక్ లేకుండా ముందు ఫ్రేమ్ డెప్త్ చూసి జీపీయూనే తీసేస్తుంది, తలుపు కదిలినా దానికి ఇబ్బంది లేదు. పెన్నా దానికి మారితే ఈ గ్రిల్లులు, పోర్టళ్ల గొడవే ఉండదని నా అభిప్రాయం.

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

పీసీలో అయితే నేనూ దానికే ఓటేస్తా. పెన్నా టార్గెట్ చేస్తున్నది తక్కువ ధర ఫోన్లు. దానికి GPU Resident Drawer కావాలి, అది కంప్యూట్ షేడర్ల మీద నడుస్తుంది, డెప్త్‌ని ప్రతి ఫ్రేమ్ కుదించి పెట్టుకునే ఖర్చు కూడా ఉంటుంది. ఆ ఫోన్లలో కొలవకుండా నేను అవునని చెప్పను, కాదని కూడా చెప్పను.

సీమ_షేడర్ (అనంతపురం)

నా దగ్గర ఒక పాత ఫోన్ ఉంది. పెన్నా, బిల్డ్ పంపితే అందులో రెండూ పెట్టి ఫ్రేమ్ టైమ్ తీసి ఇక్కడే పెడతా.

పెన్నా_పిక్సెల్ (కడప)

తప్పకుండా పంపుతా అన్నా. చువ్వలకి శిరీషక్క చెప్పినట్టు చేశాను, మంచాలు తిరిగొచ్చాయి, 210 కాస్తా 260 అయింది, కిటికీల్లోంచి నిజంగానే కనబడుతున్నాయి కాబట్టి అది న్యాయమే.

ఒక్కటి మిగిలింది. ట్యూబ్ లైట్లలో రెండిటికి నీడలు ఆన్ చేశాను, అవి ఆన్‌లో ఉంటే బ్యాచ్‌లు మళ్లీ 1,100కి ఎగబాకుతున్నాయి, అక్లూజన్ ఆన్‌లో ఉన్నా సరే.

తుంగభద్ర_రెండర్ (కర్నూలు)

అవి పాయింట్ లైట్లు కదా? ఒక్కో పాయింట్ లైట్ నీడ కోసం చుట్టూ ఆరు వైపులా గీస్తుంది, లైట్ పరిధి గోడలు దాటి పక్క గదుల్లోకి పోతే ఆ మంచాలు కూడా నీడల లెక్కలోకి వస్తాయి. నీ కెమెరాకి కనబడని వస్తువైనా దాని నీడ కనబడొచ్చు కాబట్టి కెమెరా చూపుతో వాటిని కొట్టెయ్యడం కుదరదు. ట్యూబ్ లైట్లని లైట్‌మ్యాప్‌లోకి బేక్ చేసెయ్యి. నీడ కావాల్సింది ఆటగాడి చేతిలో టార్చికి ఒక్కదానికే, అది స్పాట్ లైట్, ఒకే వైపు గీస్తుంది. దాని రేంజ్ పన్నెండు మీటర్లకి కుదించి చూసి బ్యాచ్‌లు ఎంతో చెప్పు.